లాభం 12 లక్షలు, బ్యాంకులో 1 లక్ష: మూడు పట్టికలు ఎక్కడ కలుస్తాయి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నల్గొండలో బీకాం పూర్తి చేసి, అక్కడే ఒక ఆడిట్ ఆఫీసులో ఏడాదిగా టాలీలో ఎంట్రీలు వేస్తున్నాను. పోయిన నెల హైదరాబాద్‌లో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఇంటర్వ్యూకి వెళ్లాను. లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీట్, నగదు ప్రవాహ పట్టిక అనే మూడు ఆర్థిక పట్టికలకు ఒకదానితో ఒకటి సంబంధం ఏమిటని అడిగారు. మూడింటి నిర్వచనాలూ చెప్పాను. "నిర్వచనాలు కాదమ్మా, సంబంధం చెప్పండి" అన్నారు. తర్వాత, తరుగుదల పెరిగితే మూడింటిలో ఏమి మారుతుందని అడిగారు. నగదు తగ్గుతుందని చెప్పాను. వారు తల అడ్డంగా ఊపారు. నగదు ప్రవాహ పట్టికను నేను ఇంతవరకు తయారు చేయలేదు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి, ఎలా చెప్పాలి?
— ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: లాభనష్టాల ఖాతా దగ్గర మొదలుపెట్టకండి. ముందు బ్యాలెన్స్ షీట్లు చేతిలోకి తీసుకోండి. ఒకటి కాదు, రెండు కావాలి: పోయిన మార్చి 31 నాటిది, ఈ మార్చి 31 నాటిది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒక్కో వరుసకు ఎదురుగా తేడా రాయండి. ఆ తేడాలు ఎందుకు వచ్చాయో చెప్పడానికే మిగతా రెండు పట్టికలూ ఉన్నాయి. రిజర్వులు ఎందుకు పెరిగాయని అడిగితే లాభనష్టాల ఖాతా జవాబు చెబుతుంది. నగదు ఎందుకు తగ్గిందని అడిగితే నగదు ప్రవాహ పట్టిక జవాబు చెబుతుంది. మిగతా వరుసల్లో కొన్నింటికి ఈ రెండూ కలిసి జవాబు చెబుతాయి. మిమ్మల్ని అడిగినవారు వినాలనుకున్న సంబంధం ఇదే.

నగదు ప్రవాహ పట్టిక మీకు పరిచయం కాకపోవడానికి కారణం ఉంది. మన జిల్లాల్లోని ఆడిట్ ఆఫీసులకు వచ్చే ఖాతాదారుల్లో ఎక్కువ మంది సొంత వ్యాపారులు, భాగస్వామ్య సంస్థలవారు. వారికి ఆ పట్టిక అవసరం సాధారణంగా పడదు. 2013 నాటి కంపెనీల చట్టం ఆర్థిక పట్టికల నిర్వచనంలో దాన్ని చేర్చింది కానీ, చిన్న కంపెనీలకు, ఏకవ్యక్తి కంపెనీలకు మినహాయింపు ఇచ్చింది. అందుకే ఏళ్ల తరబడి ఖాతాలు రాసినవారు కూడా దాన్ని ఒక్కసారైనా తయారు చేయకుండా గడిపేయవచ్చు. టాలీలో క్యాష్ ఫ్లో పేరుతో కనిపించే నివేదిక నెలనెలా వచ్చిన డబ్బునూ పోయిన డబ్బునూ చూపుతుంది. ఇంటర్వ్యూలో అడిగేది అది కాదు. లాభంతో మొదలై, వ్యాపార కార్యకలాపాలు, పెట్టుబడులు, నిధుల సమీకరణ అనే మూడు భాగాలుగా సాగి, చివర బ్యాలెన్స్ షీట్‌లోని నగదు దగ్గర ఆగే పట్టిక గురించి అడుగుతారు.

మీ ఊరి పక్కనే ఉండే వ్యాపారంతో ఒక లెక్క వేద్దాం. ఒక ప్రైవేట్ లిమిటెడ్ రైస్ మిల్లు ఉందనుకోండి. ఇది ఊహించిన మిల్లు, లెక్క సులువుగా సాగేలా ఎంచుకున్న అంకెలు. అన్నీ లక్షల రూపాయల్లో ఉన్నాయి.

| వరుస | పోయిన మార్చి 31 | ఈ మార్చి 31 | తేడా |
|---|---|---|---|
| యంత్రాలు, తరుగుదల పోను | 60 | 64 | +4 |
| సరుకు నిల్వ | 30 | 38 | +8 |
| రావలసిన బాకీలు | 20 | 35 | +15 |
| నగదు, బ్యాంకు | 10 | 1 | −9 |
| మొత్తం ఆస్తులు | 120 | 138 | +18 |
| వాటా మూలధనం | 50 | 50 | 0 |
| రిజర్వులు | 20 | 30 | +10 |
| బ్యాంకు అప్పు | 40 | 45 | +5 |
| ఇవ్వవలసిన బాకీలు | 10 | 13 | +3 |
| మొత్తం | 120 | 138 | +18 |

ఇప్పుడు ఆ ఏడాది లాభనష్టాల ఖాతా చూడండి. బియ్యం, తవుడు, నూకల అమ్మకం 200. అమ్మిన సరుకుకు అయిన వడ్ల ఖర్చు 150. కూలీ, కరెంటు, రవాణా వంటివి 24. తరుగుదల 6. వడ్డీ 4. పన్నుకు ముందు లాభం 16. పన్ను 4 అనుకుందాం, అది ఆ ఏడాదిలోనే కట్టేశారు. నికర లాభం 12.

మిల్లు యజమాని మీ ఆఫీసుకు వచ్చి, "12 లక్షల లాభం అంటున్నారు, నా బ్యాంకులో చూస్తే 1 లక్ష ఉంది, మిగతాది ఎక్కడుంది?" అని అడిగాడనుకోండి. మూడు పట్టికల సంబంధం అంటే ఈ ప్రశ్నకు జవాబే. పై పట్టికలో తేడాల వరుసను ఒక్కొక్కటిగా విప్పితే ఆ డబ్బు ఎక్కడుందో కనిపిస్తుంది.

రిజర్వులతో మొదలుపెడదాం. అవి 20 నుంచి 30కి చేరాయి, అంటే 10 పెరిగాయి. నికర లాభం 12 కదా, మరి 2 ఏమైంది? వాటాదారులకు డివిడెండ్‌గా ఇచ్చారు. డివిడెండ్ ఖర్చు కాదు, అందుకే అది లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా కనిపించదు. లాభం రిజర్వుల్లోకి చేరాక అందులోంచి పంచిన సొమ్ము అది. మొదటి ముడి ఇక్కడ పడుతుంది: పాత రిజర్వులు, వాటికి నికర లాభం కలిపి, డివిడెండ్ తీసేస్తే కొత్త రిజర్వులు. భాగస్వామ్య సంస్థల ఖాతాల్లో మీరు రోజూ చేసేది కూడా ఇదే. అక్కడ లాభంలో వాటా భాగస్వామి మూలధన ఖాతాకు చేరుతుంది, సొంతానికి వాడుకున్నది అందులోంచి తగ్గుతుంది. ఇంటర్వ్యూలో ఈ పోలిక మీ అనుభవం నుంచే చెప్పవచ్చు.

తర్వాత యంత్రాలు. 60 నుంచి 64. ఆ ఏడాది రంగు మారిన గింజలను ఏరే కలర్ సార్టర్‌ను 10 పెట్టి కొన్నారు. ఏడాది తరుగుదల 6. అరవైకి పది కలిపి ఆరు తీస్తే అరవై నాలుగు. ఈ ఒక్క వరుసలో రెండు పట్టికలు కలుస్తున్నాయి. కొనుగోలు పది నగదు ప్రవాహ పట్టికలోని పెట్టుబడుల భాగం నుంచి వచ్చింది, తరుగుదల ఆరు లాభనష్టాల ఖాతా నుంచి వచ్చింది. కలర్ సార్టర్‌కు ఇచ్చిన పది లక్షలు లాభనష్టాల ఖాతాలో ఆ ఏడాది ఖర్చుగా ఎక్కడా కనిపించవు. అవి రాబోయే ఏళ్లలో తరుగుదల రూపంలో కొంచెం కొంచెంగా వస్తాయి. తరుగుదల నమోదైన రోజు మాత్రం బ్యాంకులోంచి ఒక్క రూపాయి కూడా పోదు, ఎందుకంటే డబ్బు యంత్రం కొన్నప్పుడే పోయింది. మీ రెండో ప్రశ్నకు జవాబులో సగం ఈ వాక్యంలోనే ఉంది.

బ్యాంకు అప్పు 40 నుంచి 45కి చేరింది. కలర్ సార్టర్ కోసం కొత్తగా 8 తీసుకున్నారు, పాత అప్పులో 3 తీర్చారు. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే కొత్తగా చేరినవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వాయిదాలన్నీ కలిపి 7 పోయినట్టు కనిపిస్తుంది. అందులో 4 వడ్డీ, 3 అసలు. వడ్డీ లాభాన్ని తగ్గిస్తుంది. అసలు లాభాన్ని తాకదు, అప్పును తగ్గిస్తుంది. ఎవరో తొందరలో ఏడు లక్షలనూ వడ్డీ ఖాతాలో వేశారనుకోండి. లాభం మూడు తక్కువగా, అప్పు మూడు ఎక్కువగా చూపిస్తాయి. అయినా బ్యాలెన్స్ షీట్ రెండు వైపులా చక్కగా సరిపోతుంది, టాలీ ఏ ఎర్ర జెండా చూపించదు. ఆ తప్పు బయటపడేది ఒక్క చోట: బ్యాంకు ఇచ్చిన అప్పు ఖాతా స్టేట్‌మెంట్‌లోని ముగింపు నిల్వను మన లెడ్జర్‌తో పోల్చినప్పుడు. బ్యాలెన్స్ షీట్ సరిపోయినంత మాత్రాన లెక్క సరైనదని అర్థం కాదు. మీరు ఆడిట్ ఆఫీసులో ఉన్నారు కాబట్టి ఈ సంగతిని చూసే ఉంటారు. చూసి ఉంటే దాన్ని ఇంటర్వ్యూలో తప్పక చెప్పండి.

ఇక మిగిలినవి సరుకు నిల్వ, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన బాకీలు. యజమాని అడిగిన డబ్బులో పెద్ద భాగం ఇక్కడే ఉంది. అమ్మకం 200 అని రాశాం, కానీ బాకీలు 15 పెరిగాయి. అంటే ఆ ఏడాది చేతికి వచ్చింది 185. బియ్యం లారీ ఎక్కి బిల్లు రాసిన రోజే అమ్మకం నమోదైంది, వ్యాపారి దగ్గర నుంచి సొమ్ము మాత్రం ఇంకా రాలేదు. అలాగే అమ్మిన సరుకుకు అయిన ఖర్చు 150, కానీ గోదాములో నిల్వ 8 పెరిగింది. అంటే కొన్నది 158. అందులో 3 ఇంకా ఇవ్వవలసి ఉంది కాబట్టి చెల్లించింది 155. ఇప్పుడు నగదుగానే లెక్క వేయండి: వచ్చింది 185, సరుకుకు 155 పోయింది, కూలీ, కరెంటు, రవాణాకు 24 పోయింది, పన్నుకు 4 పోయింది. మిగిలింది 2. పన్నెండు లక్షలు లాభం చూపిన వ్యాపారం తన కార్యకలాపాల ద్వారా సంపాదించిన నగదు రెండే లక్షలు.

ఇదే రెండును నగదు ప్రవాహ పట్టిక ఇంకో దారిలో తెస్తుంది. కంపెనీల వార్షిక నివేదికల్లో సాధారణంగా కనిపించే పరోక్ష పద్ధతి అది. పన్నుకు ముందు లాభం 16 దగ్గర మొదలవుతుంది. తరుగుదల 6 వెనక్కి కలుపుతారు, ఎందుకంటే ఆ ఖర్చుకు డబ్బు పోలేదు. వడ్డీ 4 కూడా వెనక్కి కలుపుతారు. కారణం వేరు: డబ్బు పోయింది కానీ దాని చోటు కింద నిధుల సమీకరణ భాగంలో ఉంది, రెండు చోట్లా లెక్కించకూడదు. ఇప్పటికి 26. నిల్వ పెరిగినందుకు 8, బాకీలు పెరిగినందుకు 15 తీయాలి, ఇవ్వవలసినవి పెరిగినందుకు 3 కలపాలి. 6 వస్తుంది. కట్టిన పన్ను 4 తీస్తే 2. రెండు దారుల్లో వెళ్లినా ఒకే చోటికి చేరాం. ఈ లెక్కను ఒకసారి మీ చేత్తో కాగితం మీద వేసి చూడండి, తరుగుదలను ఎందుకు కలుపుతారో మళ్లీ ఎవరూ చెప్పవలసిన అవసరం ఉండదు.

మిగతా రెండు భాగాలు త్వరగా అయిపోతాయి. పెట్టుబడుల భాగంలో కలర్ సార్టర్‌కు పోయిన 10. నిధుల భాగంలో కొత్త అప్పు 8 వచ్చింది, అసలు 3, వడ్డీ 4, డివిడెండ్ 2 పోయాయి, కలిపి 1 తగ్గింది. మొత్తం చూస్తే 2 వచ్చింది, 10 పోయింది, 1 పోయింది. నగదు 9 తగ్గింది. ఏడాది మొదట ఉన్న 10 లోంచి 9 తీస్తే 1, ఈ మార్చి 31 బ్యాలెన్స్ షీట్‌లో ఉన్నది కూడా 1. చివరి ముడి ఇది.

వడ్డీ గురించి ఒక జాగ్రత్త. మన అకౌంటింగ్ ప్రమాణాల్లో, పాత ఏఎస్ 3లోనూ ఇండ్ ఏఎస్ 7లోనూ, బ్యాంకులు, ఆర్థిక సంస్థలు కాని కంపెనీలు చెల్లించిన వడ్డీని నిధుల భాగంలో చూపాలి. అమెరికా పద్ధతిలో అది వ్యాపార కార్యకలాపాల భాగంలోకి వెళుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే వీడియోల్లో అమెరికా పద్ధతివి కూడా ఉంటాయి. అక్కడ నేర్చుకుని ఇక్కడ చెబితే అడిగేవారికి వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇంటర్వ్యూలో నోటితో చెప్పే జవాబు. ఒకటిన్నర నిమిషం దాటకూడదు. నేనైతే ఇలా చెబుతాను:

"రెండు తేదీల బ్యాలెన్స్ షీట్ల మధ్య వచ్చిన మార్పును మిగతా రెండు పట్టికలు వివరిస్తాయి. నికర లాభం డివిడెండ్ పోను రిజర్వుల్లో చేరుతుంది. నగదు ప్రవాహ పట్టిక లాభంతోనే మొదలవుతుంది, తరుగుదల వంటి నగదు పోని ఖర్చులను కలుపుతుంది, సరుకు నిల్వలో, బాకీల్లో వచ్చిన మార్పులను సవరిస్తుంది. ఆ మార్పులు బ్యాలెన్స్ షీట్ల నుంచి వస్తాయి. యంత్రాల కొనుగోలు, అప్పు తీసుకోవడం, తీర్చడం మిగతా రెండు భాగాల్లో కనిపించి, బ్యాలెన్స్ షీట్‌లోని యంత్రాలను, అప్పులను మారుస్తాయి. మూడు భాగాల మొత్తాన్ని ఏడాది మొదటి నగదుకు కలిపితే బ్యాలెన్స్ షీట్‌లోని ముగింపు నగదు రావాలి."

అంతే చెప్పి ఆగండి. ఉదాహరణ అడిగితే మిల్లు లెక్క ఉండనే ఉంది. బాకీలను ట్రేడ్ రిసీవబుల్స్, ట్రేడ్ పేయబుల్స్ అని చెప్పండి, కంపెనీల చట్టం షెడ్యూల్ 3 నమూనాలో ఉన్న పేర్లు అవే. నిర్వచనాలు అడిగితేనే చెప్పండి.

తరుగుదల ప్రశ్నకు వద్దాం. మన మిల్లులోనే తరుగుదల 6 బదులు 10 అయిందనుకుందాం, అంటే 4 పెరిగింది. పన్ను రేటు 25 శాతం. లాభనష్టాల ఖాతాలో పన్నుకు ముందు లాభం 4 తగ్గుతుంది, పన్ను 1 తగ్గుతుంది, నికర లాభం 3 తగ్గుతుంది. నగదు ప్రవాహ పట్టికలో మొదటి వరుస 4 తగ్గినా, వెనక్కి కలిపే తరుగుదల 4 పెరుగుతుంది. రెండూ రద్దవుతాయి. కట్టిన పన్ను 1 తగ్గింది కాబట్టి నగదు 1 పెరుగుతుంది. బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తుల వైపు యంత్రాలు 4 తగ్గి నగదు 1 పెరిగింది, కలిపి 3 తగ్గింది. ఇటువైపు రిజర్వులు 3 తగ్గాయి. సరిపోయింది. నగదు పెరుగుతుంది, తగ్గదు. పెరగడానికి కారణం తరుగుదల డబ్బు తేవడం కాదు, పన్ను ఆదా కావడం. ఈ మాటను విడిగా చెప్పండి, ఎందుకంటే తరుగుదల నగదుకు మూలమని అనుకునేవారు ఉద్యోగాలు చేస్తున్నవారిలోనూ ఉన్నారు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మీరు ఆగవద్దు. పైన చెప్పింది పుస్తకాల్లోని తరుగుదలనే పన్నుకూ తీసుకుంటారన్న ఊహ మీద నిలబడింది. మన దేశంలో అలా జరగదు. కంపెనీ పుస్తకాల్లో తరుగుదల కంపెనీల చట్టం షెడ్యూల్ 2లో చెప్పిన ఆయుష్షును బట్టి వస్తుంది. పన్ను లెక్కకు ఆదాయపు పన్ను చట్టం తన సొంత రేట్లు పెట్టింది, ఆస్తులను బ్లాకులుగా కలిపి వాటి మీద లెక్కిస్తుంది. మీ ఆఫీసులో రిటర్నులు వేసేటప్పుడు పుస్తకాల తరుగుదలను వెనక్కి కలిపి, చట్టం ప్రకారం వచ్చే తరుగుదలను తీసేయడం మీరు చూసే ఉంటారు. కాబట్టి పుస్తకాల్లో మాత్రమే తరుగుదల 4 పెంచితే, కట్టే పన్ను సాధారణంగా మారదు.

అప్పుడు లెక్క ఇలా ఉంటుంది. లాభనష్టాల ఖాతాలో ప్రస్తుత పన్ను అలాగే ఉంటుంది, కానీ వాయిదా పన్ను, అంటే పుస్తకాల లెక్కకూ పన్ను లెక్కకూ ఉన్న తేడా వల్ల తర్వాతి ఏళ్లకు జరిగే డిఫర్డ్ ట్యాక్స్, కింద 1 తగ్గుతుంది, అందువల్ల నికర లాభం మళ్లీ 3 తగ్గుతుంది. నగదు ప్రవాహ పట్టికలో పన్నుకు ముందు లాభం 4 తగ్గింది, తరుగుదల 4 కలిసింది, కట్టిన పన్ను మారలేదు, కాబట్టి నగదులో మార్పు సున్నా. బ్యాలెన్స్ షీట్‌లో యంత్రాలు 4 తగ్గాయి, వాయిదా పన్ను ఆస్తి 1 పెరిగింది, లేదా అప్పటికే వాయిదా పన్ను బాధ్యత ఉంటే అది 1 తగ్గింది. రిజర్వులు 3 తగ్గాయి. మళ్లీ సరిపోయింది. వాయిదా పన్నుకు పాత ప్రమాణాల్లో ఏఎస్ 22, కొత్తవాటిలో ఇండ్ ఏఎస్ 12 వర్తిస్తాయి. ఇంటర్వ్యూలో మొదటి జవాబు చెప్పాక, "ఇది పన్ను లెక్కలోనూ తరుగుదల మారిందనుకుంటే. పుస్తకాల్లో మాత్రమే మారితే నగదు మారదు, వాయిదా పన్ను మారుతుంది" అని ఒక్క వాక్యం చేర్చండి. అడిగినవారు మళ్లీ తల అడ్డంగా ఊపరు. ఈ రెండో భాగాన్ని పాఠంలా బట్టీ పట్టకండి, అంకెలు మార్చి రెండు మూడు సార్లు మీరే వేయండి. అంకెలు మార్చి అడగడం అక్కడ మామూలే.

నగదు ప్రవాహ పట్టికను మొదటిసారి వేసినప్పుడు చివరి నగదు బ్యాలెన్స్ షీట్‌తో కలవకపోవచ్చు. అప్పుడు మొదటి నుంచీ మళ్లీ కూడటం కన్నా ముందు తేడా ఎంతో చూడండి. మన మిల్లులో బాకీల పెరుగుదల 15ను తీయడానికి బదులు కలిపారనుకోండి. ముగింపు నగదు 1 బదులు 31 వస్తుంది, తేడా 30. అది 15కు సరిగ్గా రెట్టింపు. కాబట్టి తేడాను సగం చేసి, ఆ సగం పట్టికలో ఏ వరుసకైనా సరిపోతుందేమో వెతకండి, సరిపోతే అక్కడ గుర్తు తారుమారైంది. తేడా సగం కాకుండా ఉన్నదున్నట్టు ఏదో ఒక అంకెకు సరిపోతే, ఆ అంకెను వదిలేశారని అర్థం. పన్నుకు ముందు లాభంతో మొదలుపెట్టి, కట్టిన పన్నును మరిచిపోతే తేడా 4 వస్తుంది. వడ్డీని వెనక్కి కలపకుండా కింద మళ్లీ తీసేస్తే అప్పుడూ తేడా 4 వస్తుంది, కానీ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. గుర్తుల విషయంలో ఒక్కటే సూత్రం: ఆస్తి పెరిగితే అందులో డబ్బు ఇరుక్కుంది, తీసేయాలి, బాధ్యత పెరిగితే డబ్బు ఇంకా మన దగ్గరే ఉంది, కలపాలి.

పాత యంత్రం అమ్మినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. పుస్తకాల్లో 2 విలువ ఉన్న మోటారును 3కు అమ్మితే, లాభనష్టాల ఖాతాలో 1 లాభం కనిపిస్తుంది. నగదు ప్రవాహ పట్టికలో ఆ 1ని పై భాగంలో తీసేసి, వచ్చిన మొత్తం 3ను పెట్టుబడుల భాగంలో చూపాలి. తీయకపోతే ఒక లక్షను రెండుసార్లు లెక్కించినట్టు అవుతుంది.

సాధనకు షేర్ మార్కెట్‌లో నమోదైన ఏ తయారీ కంపెనీ వార్షిక నివేదికైనా తీసుకోండి, కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. అందులో స్టాండ్‌అలోన్, కన్సాలిడేటెడ్ అని రెండు రకాల పట్టికలు ఉంటాయి, మీరు స్టాండ్‌అలోన్ వాటిని పట్టుకోండి. రిజర్వుల ముడి, యంత్రాల ముడి, నగదు ముడి, ఈ మూడు వెతికి కాగితం మీద కలపండి. యంత్రాల లెక్క నోట్స్‌లో విడిగా ఉంటుంది, మొదటి నిల్వ, చేరినవి, తీసేసినవి, తరుగుదల అన్నీ అక్కడ కనిపిస్తాయి.

కలిపేటప్పుడు కొన్ని చోట్ల అంకెలు మిల్లు లెక్కలా నేరుగా అతకవు. నోట్స్‌లో చేరిన యంత్రాలు ఎక్కువ, నగదు ప్రవాహంలో యంత్రాలకు చెల్లించింది తక్కువ ఉంటే, కొంత యంత్రం అప్పు మీద వచ్చిందని అనుమానించండి. ఆ బాకీ యంత్రాల సరఫరాదారులకు ఇవ్వవలసినది, సరుకు బాకీల్లో కలవదు. రావలసిన బాకీల తేడా కూడా కొంచెం అటూఇటుగా ఉండవచ్చు: వసూలు కావని రాసేసినవి, విదేశీ కరెన్సీ మారకపు తేడాలు దానికి సాధారణ కారణాలు. ముగింపు నగదు దగ్గర మరో తేడా ఎదురవుతుంది. మూడు నెలలకు మించిన ఫిక్స్‌డ్ డిపాజిట్లను నగదు ప్రవాహ పట్టిక సాధారణంగా నగదుగా లెక్కించదు, అందుకే బ్యాలెన్స్ షీట్‌లో నగదు, నగదుతో సమానమైనవి ఒక వరుసలో, ఇతర బ్యాంకు నిల్వలు వేరే వరుసలో ఉంటాయి. మీరు కలపవలసింది మొదటి వరుసతో.